చెక్కు మీద ఆ చిన్న లైన్ మన అమ్మలకు ఎవరు చదివి చెప్పాలి?



కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ జరిగిన రోజు ఫోన్ల నిండా ఫొటోలే. వేదిక మీద నాయకులు, పక్కన పెళ్లికూతురి తల్లి, ఇద్దరి చేతుల మధ్య చెక్కు. చెక్కు మొత్తం కెమెరాకే కనబడుతది. కానీ ఆ కాగితం మీద ఏం రాసి ఉందో అక్కడున్నవాళ్లలో ఒక్కరూ ఆ తల్లికి చదివి వినిపించరు. ఆ రాత్రో, వారానికో, నెలకో ఆమె కొడుకో అల్లుడో అదే చెక్కును ఫొటో తీసి మనకు పంపుతడు: "అన్నా, దీంట్ల ఏమున్నది? ఎప్పుడు తీసుకోవచ్చు?"

బహదూర్‌పల్లి, దుండిగల్, గండిమైసమ్మ వైపు రూముల్లో ఉండి చదువుకుంటున్న మనలో చాలామందికి ఇలాంటి ఫొటోలు వస్తయి. ఊర్లో తండా నుంచి వస్తయి, ఇక్కడ సైటు పనులకు వచ్చిన మనోళ్ల దగ్గర నుంచీ వస్తయి. మనం చదివి చెప్తున్నం. మంచిదే. కానీ ఆ పని మన మీద ఎందుకు పడింది అని అడగాలి. చదివి చెప్పేటప్పుడు ఏది వదిలితే ఇంటికి నష్టమో కూడా తెలుసుకోవాలి. ఈ పోస్టు ఆ రెండింటి గురించే.

ముందు పథకం సంగతి. కల్యాణలక్ష్మి 2014 అక్టోబర్ 2న మొదలైంది. మొదట్లో ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 51 వేలు. తర్వాత 75,116 అయింది, 2018లో 1,00,116 అయింది. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున వస్తది. అంటే ఈ కాగితం నేరుగా పోయేది మన సమాజంలో చదువు అందరికంటే తక్కువ అందినవాళ్ల చేతికి. చాలామంది అమ్మలకు తెలుగే రెండో భాష. ఇంట్లో గోర్ బోలి, కోయ, గోండి. వాళ్ల చేతిలో పెట్టే చెక్కు మాత్రం ఇంగ్లిష్, హిందీల్లో ఉంటది.

ఇక ఫొటో తెరిచి పై నుంచి కిందికి చదువుదాం.

మొదటి మాట "పే". దీన్ని "చెల్లించారు" అని చెప్పేవాళ్లను చూస్తున్నం. అది తప్పు. చెక్కు రసీదు కాదు, డబ్బూ కాదు. "ఫలానా వారికి ఇంత చెల్లించు" అని ఖాతా ఉన్నవాళ్లు తమ బ్యాంకుకు రాసిన ఆదేశం అది. ఆదేశం బ్యాంకుకు చేరితేనే పని అయితది. ట్రంకు పెట్టెలో, దేవుడి ఫొటో వెనక ఉన్న చెక్కు ఏ ఆదేశమూ ఇయ్యదు. ఈ ఒక్క ముక్క సరిగ్గా చెప్తే "మా దగ్గర లక్ష రూపాయలు భద్రంగా ఉన్నయి" అన్న భ్రమ పోతది.

"పే" పక్కన పేరు. దీన్ని అనువదించొద్దు, పలికి ఊరుకోవద్దు. అక్షరం అక్షరం పాస్‌బుక్కుతో కలిపి చూడాలి. మన ఇంటిపేర్లకు ఒక్కో ఆఫీసులో ఒక్కో స్పెల్లింగు. బానోత్ ఒక చోట, చివర "యు" చేర్చి బానోతు ఇంకో చోట. లక్ష్మిలో ఒకరు "ఎక్స్" రాస్తరు, ఇంకొకరు "కె, ఎస్" రాస్తరు. తేడా ఉంటే చెక్కు మీద మనం దిద్దకూడదు. ఇప్పుడు చెక్కుల బొమ్మలే బ్యాంకుల మధ్య తిరుగుతయి. ఆ పద్ధతిలో పేరు గానీ మొత్తం గానీ దిద్దిన చెక్కు చెల్లదు, కొత్త చెక్కే రాయాలి. కాబట్టి పేరు తేడా మొదటి రోజే చూసి, ఇచ్చిన ఆఫీసుకు చెప్పాలి.

ఎడమ పై మూలన రెండు అడ్డగీతలు, వాటి మధ్య "అకౌంట్ పేయీ" అని ఉంటే, "ఈ డబ్బు చేతికి ఇయ్యరు, పేరున్న మనిషి ఖాతాలోకే పోతది" అని చెప్పండి. కొడుకు ఖాతాలో వేస్తం, మేస్త్రీ ఖాతాలో వేస్తం అంటే కుదరదు. అమ్మకు సొంత ఖాతా ఉండాలి, అది నడుస్తూ ఉండాలి. రెండేళ్లకు పైగా లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు నిద్రాణ ఖాతాగా పెడతది. దాన్ని మళ్లీ నడిపించడానికి కాగితాలు ఇయ్యాలి, రోజులు పడతయి. ఆ రోజులు కూడా చెక్కు గడువులోనే ఖర్చు అయితయి.

తర్వాత మొత్తం. కుడి పక్క పెట్టెలో అంకెలు, మధ్య గీతల మీద అక్షరాలు. ఇక్కడ మనోళ్లు చేసే పని ఏందంటే, పెట్టెలో 1,00,116 చూసి "లక్షా నూటపదహారు" అని చెప్పేసి అక్షరాల లైనును వదిలేస్తరు. కానీ చట్టం చూసేది ఆ లైనునే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలూ అక్షరాలూ వేర్వేరుగా ఉంటే అక్షరాల్లో ఉన్నదే అసలు మొత్తం. ఆచరణలో తేడా కనబడితే బ్యాంకు చెక్కును వెనక్కి పంపే అవకాశమే ఎక్కువ. ఎట్లయినా నష్టం మనకే. అందుకే అక్షరాలను అక్షరాల నుంచే చదవాలి, అంకెల నుంచి కాదు. "వన్ లాక్ వన్ హండ్రెడ్ అండ్ సిక్స్‌టీన్ ఓన్లీ" అని ఉందా? అయితే "ఒక లక్ష నూట పదహారు రూపాయలు మాత్రమే". ఆ తర్వాత అంకెలు చూడాలి, రెండూ కలిశాయా అని. చివర "ఓన్లీ" అంటే "ఇంతేనా" అని తక్కువ చేయడం కాదు. ఆ మాట తర్వాత ఇంకెవరూ ఏమీ చేర్చకుండా వేసిన తాళం అది.

కింద కుడి పక్క "ప్లీజ్ సైన్ అబౌ" అని ఉంటది. "ఈ గీతకు పైన సంతకం పెట్టండి" అని అర్థం. అది చెప్తున్నది చెక్కు రాసిచ్చిన వాళ్లకు, మన అమ్మకు కాదు. అక్కడ ఆఫీసరు సంతకం ముందే ఉంటది. "సైన్" అన్న మాట ఒక్కటి చదివి, అమ్మ చేత అక్కడ వేలిముద్ర వేయిస్తే మంచి చెక్కు పాడైతది.

అన్నిటికంటే కింద తెల్ల పట్టీలో వరుసగా అంకెలు. మొదటి ఆరు చెక్కు నంబరు. తర్వాతి తొమ్మిది నగరం, బ్యాంకు, బ్రాంచి గుర్తు. హైదరాబాద్ అయితే ఆ తొమ్మిది 500తో మొదలవుతది. ఆ పట్టీని యంత్రం చదువుతది. దాని మీద రాయొద్దు, మడత పెట్టొద్దు, పిన్ను కొట్టొద్దు. ఫొటో పంపేటప్పుడు ఆ పట్టీనీ, సంతకాన్నీ వేలితోనో కాగితంతోనో మూయమని చెప్పండి. మనం చదవాల్సిన వాటికి ఆ రెండూ అక్కర్లేదు. స్టేటస్‌లో చెక్కు ఫొటో అసలే వద్దు.

ఇంకో భయం కూడా వస్తది. చెక్కును జిరాక్స్ తీస్తే కాపీ మీద "వాయిడ్" అన్న అక్షరాలు తేలుతయి. "చెక్కు రద్దయిందట" అని ఇంట్లో ఏడుపు మొదలైతది. రద్దు కాలేదు. నకలును పట్టుకోవడానికి కాగితంలోనే అట్ల డిజైను పెట్టారు. అది అసలు చెక్కు మీద కంటికి కనబడదు, కాపీలోనే బయటపడుతది.

ఇప్పుడు అసలు లైన్. పైన తేదీ పక్కనో, ఒక అంచునో, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో "వ్యాలిడ్ ఫర్ త్రీ మంత్స్ ఓన్లీ" అనో, ఆ అర్థం వచ్చే ఇంకో మాటో ఉంటది. ఫొటోలో చాలాసార్లు ఇదే మసకగా పడుతది. దీన్ని "మూడు నెలలు చెల్లుతుంది" అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. వినే అమ్మ మూడు నెలలను ఎక్కడ నుంచి లెక్కపెడుతది? తన చేతికి వచ్చిన రోజు నుంచి. చెక్కు లెక్క అది కాదు. చెక్కు మీద రాసిన తేదీ నుంచే లెక్క.

ఒక లెక్క వేసి చూద్దాం. చెక్కు మీద తేదీ 2024 నవంబర్ 16 అనుకోండి. పంపిణీకి వేదిక, ముఖ్య అతిథి, మంచి రోజు కుదిరేసరికి 2025 జనవరి 28 వచ్చింది. అమ్మ లెక్కలో గడువు ఏప్రిల్ చివరి దాకా ఉంది. చెక్కు లెక్కలో ఫిబ్రవరి 16తో అయిపోతది. ఆ ఫిబ్రవరి 16 ఆదివారం. అంటే నమ్ముకోగలిగింది ఫిబ్రవరి 15 శనివారం వరకే. చేతికొచ్చిన రోజు నుంచి పద్దెనిమిది రోజులు. అందులోనూ మన బ్యాంకులో వేసిన చెక్కు రాసిచ్చిన వాళ్ల బ్యాంకుకు చేరాలి. చివరి రోజు సాయంత్రం డ్రాప్ బాక్సులో వేస్తే గడువులో చేరినట్టు కాదు. కనీసం ఒక వారం చేతిలో ఉంచుకోవాలి. ఇప్పుడు మిగిలినవి పదకొండు రోజులు. "మూడు నెలలు" అన్న మాట పదకొండు రోజులు ఎట్లయిందో చూశారు కదా. అందుకే మనం ఫొటో చూసి చెప్పేటప్పుడు "మూడు నెలలు" అనే మాటే వాడొద్దు. "ఫిబ్రవరి 7 లోపు బ్యాంకులో వెయ్యండి" అని తేదీ చెప్పాలి.

ఈ మూడు నెలల రూలు మొదటి నుంచీ ఉన్నది కాదు. అంతకుముందు ఆరు నెలలు ఉండేది. కొందరు చెక్కులనూ డ్రాఫ్టులనూ ఆరు నెలల పాటు నగదు లాగ చేతులు మారుస్తున్నరని చెప్పి, రిజర్వు బ్యాంకు 2011 నవంబర్‌లో ఉత్తర్వు ఇచ్చి, 2012 ఏప్రిల్ 1 నుంచి దాన్ని మూడు నెలలకు తగ్గించింది. చెక్కులను చేతులు మార్చి వ్యాపారం చేసింది మన తండాలు, గూడేలు కాదు. కానీ తగ్గిన మూడు నెలల దెబ్బ గట్టిగా తగిలేది బ్యాంకు దూరంగా ఉన్నవాళ్లకే.

అదే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఈ మార్పును చెక్కు చేతిలో ఉన్నవాళ్లకు తెలియజేయాలని, అందుకోసం చెక్కుల మీద, డ్రాఫ్టుల మీద అచ్చు వేయాలని, లేదంటే ముద్ర కొట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే ఆ చిన్న లైన్ బ్యాంకు తన కోసం రాసుకున్నది కాదు. అది చెక్కు పట్టుకున్న మనిషికి ఇచ్చే నోటీసు. చదవలేని భాషలో ఇచ్చిన నోటీసు నోటీసు అయితదా? కోర్టు సమన్లు అర్థం కాని భాషలో ఇచ్చి "నీకు చెప్పినం" అంటే ఊరుకుంటమా?

దీనికి బ్యాంకుల వైపు నుంచి ఒక జవాబు వస్తది. చెక్కు దేశమంతా తిరుగుతది, కాబట్టి హిందీ, ఇంగ్లిష్‌లోనే అచ్చు వేయాలని రూలు. నిజమే, రిజర్వు బ్యాంకు సూచన అట్లనే ఉంది. కానీ అదే సూచనలో, ఖాతాదారు చెక్కును హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ తన ప్రాంత భాషలో గానీ రాయొచ్చని కూడా ఉంది. "ఒక లక్ష నూట పదహారు రూపాయలు మాత్రమే" అని తెలుగులో రాసిన చెక్కు నిక్షేపంగా చెల్లుతది. ఇంకా చూడండి. ఖాతా తెరిచే ఫారం, డబ్బు కట్టే స్లిప్పు, పాస్‌బుక్కు మూడు భాషల్లో, అందులో ప్రాంత భాషలో కూడా ఉండాలని చెప్పిందీ రిజర్వు బ్యాంకే. స్లిప్పు తెలుగులో ఉండాలట. ఆ స్లిప్పుకు జతచేసే లక్ష రూపాయల చెక్కు మీది గడువు మాత్రం తెలుగులో ఉండనక్కర్లేదట. స్లిప్పు నింపడం తప్పితే ఇంకోటి నింపొచ్చు. గడువు తప్పితే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

సరే, అచ్చు మార్చడం బ్యాంకు బ్రాంచి చేతిలో లేదు. కానీ చెక్కు రాసేది మన రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసు. పేరు, మొత్తం తెలుగులో రాసుకునే వీలు దానికి ఉంది. అంతకంటే తేలికైనది, చెక్కుతో పాటు అరచేతి అంత తెలుగు చీటీ ఇయ్యొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెటు అక్కర్లేదు. వేదిక మీద కట్టే ఫ్లెక్సీ ఖర్చులో ఆ చీటీలన్నీ అచ్చయితయి.

ఇంకా ముందుకు పోయి అడుగుదాం. అసలు చెక్కే ఎందుకు? 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు మొదటి విడత చెక్కులే పంచారు. ఆ తర్వాతి విడత నుంచే డబ్బు నేరుగా ఖాతాల్లో పడింది. అంటే దారి తెలుసు, వ్యవస్థ ఉంది. ఒక పథకంలో ఒక్క విడతకే వదిలేసిన చెక్కును ఇంకో పథకంలో ఏండ్ల తరబడి ఎందుకు పట్టుకున్నరు? ఖాతాలో పడ్డ డబ్బుకు వేదిక ఉండదు, ఫొటో ఉండదు. ఫొటో కోసమే చెక్కు అయితే, ఆ ఫొటో కోసం ఆగిన ప్రతి రోజూ అమ్మ గడువులో నుంచే కోత పడుతుందని ఇచ్చేవాళ్లకు తెలియాలి. పంపిణీ ఆలస్యమైతే చెక్కు మీద తేదీ ఆగదు.

"గడువు దాటితే మళ్లీ రాయించుకోవచ్చు కదా" అనేవాళ్లూ ఉన్నరు. అవును, రాయించుకోవచ్చు. గడువు దాటిందంటే డబ్బు పోయినట్టు కాదని ఇంట్లో ముందు చెప్పండి. బ్యాంకు వెనక్కి ఇస్తే కారణం రాసిన చిన్న మెమో ఇస్తది, దాన్ని చించొద్దు. అసలు చెక్కు, ఆ మెమో పట్టుకొని చెక్కు ఇచ్చిన ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. వాళ్లు తేదీ మార్చి పూర్తి సంతకం చేస్తరు, లేదా కొత్త చెక్కు రాస్తరు. చెక్కు మీద దిద్దడానికి ఒప్పుకునేది ఆ తేదీ ఒక్కటే, అదీ రాసిచ్చినవాళ్లే చేయాలి. బ్యాంకు మేనేజర్ కాళ్లు పట్టుకున్నా లాభం లేదు, అది ఆయన చేతిలో లేదు. కానీ ఆ తిరుగుడు ఖర్చు ఎవరిది? కూలి పోయేది, బస్సు కిరాయి పెట్టేది అమ్మ. ఆలస్యం చేసింది వేరేవాళ్లు.

చదువుకునే మనకు చెక్కు కంటే ఎక్కువగా తగిలేది డిమాండ్ డ్రాఫ్టు. అడ్మిషన్‌కో, ఫీజుకో డీడీ తెమ్మంటరు. దాని మీద "ఆన్ డిమాండ్ పే" అని మొదలైతది. "అడిగిన వెంటనే చెల్లించు" అని అర్థం. ఇది బ్యాంకు ఒక బ్రాంచి తన ఇంకో బ్రాంచికి రాసే ఆదేశం. డబ్బు మనం ముందే కట్టేస్తం కాబట్టి ఖాతాలో సొమ్ము లేదని తిరిగి రావడం ఉండదు. 2018 సెప్టెంబర్ 15 నుంచి డీడీ కొన్న మనిషి పేరు కూడా దాని ముందు వైపు ఉండాలి. ఫొటో చదివేటప్పుడు డబ్బు అందుకునేవాళ్ల పేరు ఏదో, కొన్నవాళ్ల పేరు ఏదో తికమక పడొద్దు. గడువు దీనికీ మూడు నెలలే, తేదీ నుంచే. తేడా ఎక్కడంటే, డీడీ గడువు దాటితే పోవాల్సింది కొన్న బ్యాంకుకే. కొన్నవాళ్లు అడిగితే ఆ బ్యాంకే మళ్లీ చెల్లేటట్టు చేసిస్తది. కాలేజీ వాళ్లు "మీ డీడీ ఎక్స్‌పైరీ, మళ్లీ డబ్బు కట్టు" అంటే కట్టకండి. పాత డీడీ తీసుకొని బ్యాంకుకు పోండి.

ఇక మన పని. ఈ గ్రూపులో ఉన్నవాళ్లం ఎవరి తండా, ఎవరి గూడెం నుంచి చెక్కు ఫొటో వచ్చినా ఒకే తీరుగా జవాబు ఇద్దాం. ఆఫీసు చీటీ ఇచ్చేదాకా మన జవాబే చీటీ. ఇట్ల రాయండి, ఆ తర్వాత అమ్మకు ఫోన్ చేసి ఇంటి భాషలో చెప్పండి:

"అమ్మా, ఇది మీ పేరున బ్యాంకుకు రాసిన ఆదేశం. పేరు: (పాస్‌బుక్కుతో కలిసింది / కలవలేదు). మొత్తం, అక్షరాల్లో: ఒక లక్ష నూట పదహారు రూపాయలు మాత్రమే. అంకెల్లోనూ అంతే ఉంది. డబ్బు మీ ఖాతాలోకే పోతది. చెక్కు మీద తేదీ: ఫలానా. బ్యాంకులో వెయ్యాల్సిన ఆఖరి రోజు: ఫలానా. చెక్కు మీద ఏమీ రాయకండి, వేలిముద్ర వెయ్యకండి. డబ్బాలో వెయ్యకండి, కౌంటర్‌లో ఇచ్చి స్లిప్పు మీద ముద్ర వేయించుకోండి."

చివరి మాట ఊరికే రాయలేదు. చెక్కు కౌంటర్‌లో ఇస్తే రసీదు ఇయ్యనని ఏ బ్రాంచీ అనకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. "డబ్బాలో వేసి పో" అంటే, "కౌంటర్‌లోనే ఇస్తం, ముద్ర వేయండి" అని అడగమని చెప్పండి. రేపు చెక్కు ఎక్కడ ఆగిందన్న ప్రశ్న వస్తే ఆ ముద్రే సాక్ష్యం.

ఆఫీసులకు మా డిమాండు రెండే ముక్కలు. ప్రతి చెక్కుతో గడువు తేదీ రాసిన తెలుగు చీటీ ఇయ్యాలి, మూడు నెలలు అని కాదు, తేదీ. చెక్కు మీద తేదీ పడ్డ వారంలోపే అది అమ్మ చేతికి చేరాలి. అది చేతగాకపోతే నేరుగా ఖాతాలో వెయ్యండి. ఎక్కడ పంపిణీ జరిగినా మనోళ్లు ఈ రెండూ రాసిన వినతిపత్రం పట్టుకొని పోవాలి. ఫొటో దిగేటప్పుడు నాయకుల పక్కన నిలబడి అడగండి: "సార్, ఈ చెక్కు ఆఖరి తేదీ ఎప్పుడు? మైకులో చదివి చెప్పండి."